పారాణి చొక్కా

సాంబారు కవర్ ముడిని పంటితో కొరికి లాగడం కిరణ్‌కి అలవాటే. హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ అంతే. కాకపోతే అప్పుడు ఒంటి మీద బనియన్ ఉండేది. ఇవాళ ఇంటర్వ్యూ చొక్కా ఉంది.

అసలు పొద్దున్న ఎనిమిదిన్నరకే ఆ చొక్కా వేసుకోవలసిన పని లేదు. ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడింటికి, రాయదుర్గంలో. వాళ్ల అమ్మ ఫోన్ చేసి "ఆ చొక్కా వేసుకుని ఒక ఫోటో పంపు నాన్నా, చూస్తాను" అంది. వేసుకున్నాడు, ఫోటో పంపాడు. ఇడ్లీ చల్లారిపోతోందని అలాగే కూర్చున్నాడు. ముడి ఊడిరాలేదు, కవర్ పక్కన చిరిగింది. జేబు కింద నుంచి మూడో బొత్తాం దాకా పసుప్పచ్చగా ఒక చార.

వెంటనే పంపు కింద పెట్టి బట్టల సబ్బుతో గట్టిగా రుద్దాడు. పచ్చటి మరక కాస్తా ఎర్రగా మారింది. ఇంకా రుద్దాడు. ఇంకా ఎర్రబడింది. రూమ్మేట్ ఇచ్చిన సలహా ఒక్కటే: "బ్లీచింగ్ పౌడర్ పోయరా." వాడు ఆ మాట అని ఆఫీసుకు వెళ్లిపోయాడు. వాడి చొక్కాలన్నీ ఎక్స్‌ట్రా లార్జ్, అడిగినా లాభం లేదు. ఇంకో తెల్ల చొక్కా కొందామంటే నెలాఖరు.

బ్లీచింగ్ పౌడర్ కోసం మెట్లు దిగుతుంటే కింద వాటాలోని సుబ్బలక్ష్మి గారు ఎదురయ్యారు. చేతిలో ఇత్తడి పళ్లెం, దాన్నిండా గుమ్మడి వడియాల పిండి.

"ఎక్కడికయ్యా అంత కంగారుగా? చేతిలో ఏంటది?"

చూపించాడు. ఆవిడ పళ్లెం పిట్టగోడ మీద పెట్టి, చొక్కాని వెలుతురుకి పట్టుకుని, మరకని బొటనవేలితో నులిమి చూశారు.

"సబ్బు పెట్టావు కదూ?"

"అవును పిన్నిగారూ. పోతుందనుకుంటే ఎర్రబడిపోయింది. ఏం చేయాలో తెలీక..."

"ఎర్రబడక ఏమవుతుంది? పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందా లేదా? నీ సబ్బులోనూ ఆ క్షారమే ఉంది. చొక్కాకి పారాణి పెట్టావు నువ్వు, పెళ్లికొడుక్కి పెట్టినట్టు." ఆవిడ నవ్వారు. కిరణ్‌కి నవ్వు రాలేదు. "బ్లీచింగ్ జోలికి పోకు. మా ఆయన పంచె ఒకటి దానితోనే చిల్లులు పడింది. రా లోపలికి."

సుబ్బలక్ష్మి గారి భర్త పురోహితులు. మే నెల ముహూర్తాలు కదా, ఆయన తెనాలి వైపు ఏదో పెళ్లి చేయించడానికి వెళ్లారు. పసుపు మరకల విషయంలో ఆవిడకున్న అనుభవం ఈ వీధిలో ఇంకెవరికీ ఉండే వీలు లేదు.

ముందు నూనె సంగతి చూడాలన్నారు. సాంబారులో పోపు ఉంటుంది కదా, ఆ జిడ్డు వదలకుండా రంగు వదలదట. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు మరక మీద వేసి, చొక్కాని లోపలి వైపుకి తిప్పి వెనక నుంచి వేళ్లతో మెల్లగా తట్టారు. "పై నుంచి రుద్దితే మరక గుడ్డలోకి దిగుతుంది. వెనక నుంచి తోస్తే బయటికి వస్తుంది." చన్నీళ్లతోనే జాడించారు. సబ్బు జిగురు పోయేదాకా మళ్లీ మళ్లీ జాడించి, ఒక నిమ్మచెక్క తెచ్చి మరక మీద పిండారు.

ఎరుపు వాళ్ల కళ్లెదుటే వెనక్కి తగ్గింది. నిమ్మరసం పాకిన మేరకల్లా మరక పసుప్పచ్చగా మారుతూ వచ్చింది. కిరణ్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"పోయిందా పిన్నిగారూ?"

"ఎక్కడ పోయింది? పారాణి మళ్లీ పసుపయింది, అంతే. పసుపుని తీసేది నేను కాదు, ఆయన." చూపుడు వేలు పైకెత్తారు. కిరణ్ దేవుడనుకున్నాడు. ఆవిడ చూపించింది ఎండని. "పసుపు ఎండకి ఆగదు. పద మేడ మీదికి. ఆ పళ్లెం కూడా పట్టుకురా."

మేడ మీద పాత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఆవిడ వడియాలు పెట్టడం మొదలుపెట్టారు. చొక్కాని తీగ మీద మరక నేరుగా ఎండకి తగిలేలా వేశారు. కిరణ్‌కి రెండు పనులు పడ్డాయి. కాకుల్ని తోలాలి. మరక ఆరిపోతున్నప్పుడల్లా చెంబుతో నీళ్లు చిలకరించాలి. తడి మీద ఎండ బాగా పని చేస్తుందని ఆవిడ మాట. పావురాలు తీగ మీద వాలకుండా చూసుకోవడం మాత్రం ఎవరూ చెప్పకుండానే అతను తీసుకున్న మూడో పని.

"ఇంతకీ ఏం ఉద్యోగం?"

"అకౌంట్స్ అసిస్టెంట్ అండి. టాలీలో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్న్‌లు, అవీ ఇవీ."

"అయితే నా లెక్క చెప్పు. కిలో మినప్పప్పు, ఒక బూడిద గుమ్మడికాయ, పచ్చిమిర్చి, ఇంగువ. అన్నీ కలిపి మూడొందలవుతోంది. ఎండాక కిలోన్నర పైచిలుకు వస్తాయి. పావు కిలో వంద చొప్పున అపార్ట్‌మెంట్ల వాళ్లకి ఇస్తున్నా. నాకేమైనా మిగులుతోందా లేదా? మా ఆయన ఏమీ మిగలదంటాడు."

కిరణ్ చొక్కా సంగతి ఒక్క క్షణం మరిచిపోయాడు. "కిలోన్నరంటే ఆరు ప్యాకెట్లు. ఆరొందలు. మూడొందలు పోతే మూడొందలు. కానీ ప్యాకింగ్ కవర్లు?"

"అవునవును. అవి వేయలేదు."

"గ్రైండర్‌కి కరెంటు? మీ కష్టం?"

"నా కష్టానికి కూడా లెక్కేంటయ్యా?"

"వేయాలి పిన్నిగారూ. పప్పు నానబెట్టిన దగ్గర్నుంచి ప్యాక్ చేసేదాకా ఎన్ని గంటలు? వేరే మనిషిని పెడితే ఎంత ఇస్తారు? అది కూడా ఖర్చే. అదంతా కలిపాకే ధర పెట్టాలి. మీరు పిండి ధర పెడుతున్నారు, వడియం ధర కాదు."

సుబ్బలక్ష్మి గారి చేతిలో వడియం అలాగే ఆగిపోయింది. "ఈ ముక్క వాళ్లకి కూడా ఇలాగే చెప్పు," అన్నారు కాసేపటికి. "నాతో మాట్లాడినట్టు. పొద్దున్న గోడవైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో వల్లిస్తున్నావు, కింద దాకా వినపడింది. అదేం బాగాలేదు."

పదకొండింటికి మరక లేత గంధం రంగులోకి వచ్చింది. పన్నెండు దాటాక వెతికితే తప్ప కనిపించలేదు. జేబు కుట్టు దగ్గర మాత్రం, దారం మందంగా ఉన్నచోట, సన్నటి గీత మిగిలింది. ఇంకాస్త సేపు ఉంచుదామన్నాడు కిరణ్. మెట్రో ఎవరెక్కుతారని ఆవిడ కసిరారు. పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టకూడదని, వేడి తగిలితే ఉన్నది అతుక్కుపోతుందని చెప్పి, ఆ గీత ఉన్నచోటు వదిలేసి మిగతాదంతా తనే ఇస్త్రీ చేసి ఇచ్చారు. "జేబులో పెన్ను పెట్టుకో. ఎవరూ చూడరు."

మూసాపేటలో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, అరగంట ముందే చేరాడు. దారంతా నిలబడే ఉన్నాడు, సీటు ఖాళీగా ఉన్నా. చొక్కా నలుగుతుందని.

ఏడింటికి తిరిగొచ్చేసరికి సుబ్బలక్ష్మి గారు గుమ్మంలోనే ఉన్నారు.

"ఎవరైనా చూశారా?"

"ఏంటండీ?"

"గీత, నాయనా, గీత!"

"లేదు పిన్నిగారూ. చొక్కా వంక ఎవరూ చూడనే లేదు. ఖర్చులు వేసి ధర కట్టడం మీద ఒక ప్రశ్న అడిగారు. మీ వడియాలే చెప్పాను. ముగ్గురిలో ఒకాయన రాసుకున్నాడు కూడా. ధర ఎంతో, ఎక్కడ దొరుకుతాయో అడిగాడు."

"ఉద్యోగం సంగతో?"

"శుక్రవారం చెప్తామన్నారు."

"శుక్రవారమా! అయితే అప్పటిదాకా నీకు పనేం లేదుగా." లోపలికి వెళ్లి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి అతని చేతిలో పెట్టారు. "రెండేళ్ల పద్దు. కరెంటు, కవర్లు, నా కష్టం, అన్నీ వేసి చెప్పు. ముందు ఆ చొక్కా విప్పు, భోజనం ఇక్కడే. ఇవాళ సాంబారు."