ముప్ఫై నాలుగు డిగ్రీలు

సంక్రాంతికి రెండు రోజుల ముందు కొరియర్‌లో వచ్చిన గుండ్రటి డబ్బాను పక్కింటి పావని టీవీ బల్ల మీద పెట్టి ప్లగ్ పెట్టింది. మిగతా పనంతా చికాగో నుంచి కిరణే చేశాడు.

"అమ్మమ్మా, ఇక నువ్వు నోటితో అడిగితే చాలు. అన్నమయ్య కీర్తనలు పాడుతుంది, టైము చెబుతుంది, బీపీ మాత్ర గుర్తు చేస్తుంది" అన్నాడు వీడియో కాల్‌లో.

సుభద్రమ్మ పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా చేసి రిటైరైన మనిషి. యంత్రమంటే బెరుకు లేదు. పావని నేర్పిన ఇంగ్లీషు ముక్కలు రెండు రోజుల్లో పట్టేసింది.

అయితే ఆ డబ్బా కిరణ్ అకౌంట్‌లో, కిరణ్ అడ్రసుతోనే ఉండిపోయింది. పొద్దున ఎనిమిదికి మోగాల్సిన మాత్ర గంట రాత్రి ఏడున్నరకి మోగేది. వాతావరణం అడిగితే చికాగోది చెప్పేది.

"మామ్మగారూ, అన్నయ్యకి చెప్పి మన ఊరు పెట్టించుకోండి" అంది పావని.

"మన ఊరి ఎండ వాకిట్లోకొస్తే తెలుస్తుంది కదే. దీన్ని ఇలాగే ఉండనీ."

రోజూ పొద్దున్నే కాఫీ కలుపుకోకముందే అడిగేది. ఆ అంకెని పాలలెక్క రాసుకునే గోడ క్యాలెండర్‌లో, ఆ తేదీ గడి మూలన ఎర్ర పెన్నుతో వేసేది. మొదటిరోజు ముప్ఫై నాలుగు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మంచుదేశం అని అందరూ భయపెట్టారు గానీ, శివరాత్రి దాటాక మన ఊళ్లో ఉన్నట్టే ఉందిగా!

ఒకరోజు నాలుగు అని వచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"నాలుగేంట్రా? లంబసింగి చలి కదా అది! ట్రైను దిగి అంతదూరం ఎలా నడిచొచ్చావు?"

అవతల కాసేపు మాట లేదు. "ఆ ఒక్కరోజే అమ్మమ్మా. కోటు ఉందిగా, పెద్దగా తెలీలేదు" అన్నాడు. నమ్మింది. పిల్లలు చెప్పింది నమ్మకపోతే దూరాన ఉన్నవాళ్లతో రోజులు గడవవు.

మార్చి మొదట్లో డబ్బా యాభై ఎనిమిది అంది. సుభద్రమ్మ మళ్లీ అడిగించుకుంది. మళ్లీ యాభై ఎనిమిదే. రెంటచింతల రోహిణికార్తెలో కూడా అంత ఎండ ఎరగం. నిప్పుల్లో ఉంటాడా పిల్లాడు?

ఫోన్ అందుకోబోయి ఆగింది. ఎన్ని జ్వరాల చార్టులు రాసిన చెయ్యి అది! నూటొకటి, నూటరెండు అని రాసేవాళ్లం, అదీ డిగ్రీలే కదా. ఒంటి వేడి మామూలుగా ఉంటే తొంభై ఎనిమిదీ ఆరు, సెంటీగ్రేడులో ముప్ఫై ఏడు. ట్రైనింగులో బట్టీపట్టిన లెక్క నోటికొచ్చేసింది. ముప్ఫై రెండు తీసెయ్యి, ఐదుతో హెచ్చించు, తొమ్మిదితో భాగించు.

యాభై ఎనిమిది పద్నాలుగయింది. అమ్మయ్య అనుకుంటూ క్యాలెండర్ మీద ఎర్ర అంకెలకేసి చూసింది. కళ్లజోడు పెట్టుకుని జనవరి కాగితం తిప్పింది. ముప్ఫై నాలుగంటే ఒకటి. పంతొమ్మిదంటే సున్నాకి ఏడు కింద. నాలుగున్న గడి దగ్గర లెక్క రెండుసార్లు చేసింది. సున్నాకి పదిహేనున్నర డిగ్రీలు కింద. ఆ రోజు తను వేపచెట్టు కింద కూర్చుని, బిడ్డ వెచ్చగానే ఉన్నాడని పావని వాళ్లమ్మతో చెప్పుకుంది.

కిరణ్ ఫోనెత్తగానే అడిగింది. "నాలుగు డిగ్రీలంటే ఎంతరా?"

వాడికి అర్థమైపోయింది. "నువ్వు మన డిగ్రీలనుకుంటున్నావని అప్పుడే తెలిసింది అమ్మమ్మా. నిశ్చింతగా ఉన్నావు కదా అని చెప్పలేదు."

"చేతులెలా ఉన్నాయి?"

"వేళ్లు పగిలాయి. ఇప్పుడు తగ్గింది."

"ఇంకా?"

"జనవరిలో వారం రోజులు జ్వరం. ఆఫీసుకి వెళ్లలేదు. నీతో కెమెరా పాడైందని చెప్పింది అప్పుడే."

ఆవిడ తిట్టలేదు. జ్వరం ఎంత దాకా వెళ్లింది, ఏ మాత్ర వేసుకున్నాడు, దగ్గు మిగిలిందా అని ఒక్కొక్కటే అడిగింది. వాడు దాచకుండా చెప్పాడు.

"సరే అమ్మమ్మా, ఇవాళే మీ ఊరు పెట్టేస్తాను."

"మాత్ర గంట మార్చు. ఊరు మాత్రం ముట్టుకోకు. లెక్క నాకొచ్చు."

"మాత్ర గంటకేమైంది?"

"రాత్రి ఏడున్నరకి మోగుతోంది."

"రెండు నెలల్నుంచా? మరి చెప్పవేం?"

"పని మధ్యలో నిన్ను విసిగించడం ఎందుకని." సుభద్రమ్మ క్యాలెండర్ దగ్గరికి కుర్చీ లాక్కుంది. "పొద్దున కొన్నాళ్లు మర్చిపోయాను కూడా. పోయిన బుధవారం బీపీ చూపించుకున్నాను. నీకు నూట ముప్ఫై అన్నానా, నూట డెబ్బై రెండు. రాసుకో. కింద అంకె కూడా చెబుతాను."