అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్ కోసం హెచ్.ఆర్. విభాగానికి తిరగరాసిన మూడు సందేశాలు

మా కార్యాలయం నుంచి వెళ్లిన ముగ్గురు సహోద్యోగులు హెచ్.ఆర్. విభాగానికి పంపదలచిన సందేశాలను, వారి అనుమతితో పేర్లు తీసివేసి, తిరగరాసిన రూపంతో సహా ఇక్కడ ఉంచుతున్నాను.

మొదటిది ఒక సీనియర్ అకౌంటెంట్ వాట్సాప్‌లో రాసుకున్నది.

“హాయ్ మేడమ్, నా ఎక్స్‌పీరియెన్స్ లెటర్, రిలీవింగ్ లెటర్ ఇంకా రాలేదు. కొత్త కంపెనీ వాళ్లు అడుగుతున్నారు. కొంచెం తొందరగా పంపండి ప్లీజ్.”

ఇందులో అడిగిన తీరు మర్యాదగానే ఉంది. కానీ ఆమె ఎవరో, ఎప్పుడు వెళ్లారో, బకాయిలు ఏవైనా ఉన్నాయో లేదో హెచ్.ఆర్. వారు రికార్డులన్నీ తిరగేస్తే తప్ప తెలియదు. ఆ శ్రమ వారికి లేకుండా చేయడమే త్వరగా పత్రాలు అందడానికి మార్గమని నా నమ్మకం.

విషయం: రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం జారీ కోసం అభ్యర్థన – ఉద్యోగి సంఖ్య 2147

గౌరవనీయులైన హెచ్.ఆర్. మేనేజర్ గారికి,

నేను 2021 జూలై 12న జూనియర్ అకౌంటెంట్‌గా చేరి, 2023 ఏప్రిల్ 1 నుంచి సీనియర్ అకౌంటెంట్‌గా పనిచేశాను. 2025 మార్చి 3న సమర్పించిన నా రాజీనామాను సంస్థ ఆమోదించిన మీదట, 60 రోజుల నోటీసు గడువును పూర్తి చేసి, మే 2న విధుల నుంచి వైదొలగాను. అదే రోజున ల్యాప్‌టాప్‌ను, గుర్తింపు కార్డును అప్పగించాను. అకౌంట్స్, ఐటీ, అడ్మిన్ విభాగాలు సంతకం చేసిన నో డ్యూస్ పత్రం ప్రతిని ఈ సందేశానికి జతపరిచాను.

నేను జూన్ 9న కొత్త ఉద్యోగంలో చేరవలసి ఉంది. చేరే రోజున రిలీవింగ్ లెటర్‌నూ, రెండు హోదాల వివరాలూ ఉన్న అనుభవ ధ్రువపత్రాన్నీ చూపించవలసి ఉన్నందున, వాటిని మే 30వ తేదీలోగా సంస్థ లెటర్‌హెడ్‌పై సంతకంతో జారీ చేయవలసిందిగా కోరుతున్నాను. స్కాన్ ప్రతులను ఈ మెయిల్‌కు పంపినా సరిపోతుంది. అసలు ప్రతులను నేనే వచ్చి తీసుకోగలను.

అలాగే నా పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం వీడిన తేదీని నమోదు చేయించి, తుది చెల్లింపు ఎప్పటికి పూర్తవుతుందో తెలియజేయగలరు. నా వైపు నుంచి ఇంకేదైనా పత్రం కావలసి ఉంటే వెంటనే సమర్పిస్తాను.

భవదీయురాలు,
మాజీ సీనియర్ అకౌంటెంట్, ఉద్యోగి సంఖ్య 2147

రెండవది రెండుసార్లు అడిగి విసిగిపోయిన ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్ రాసినది.

“ఎన్నిసార్లు అడగాలి సార్? లెటర్ లేక నా జాబ్ పోతే మీదే బాధ్యత.”

ఆయన కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపం కంటే తేదీలే బలంగా మాట్లాడతాయి కనుక వాటినే ముందు ఉంచాను. పత్రం వచ్చేలోగా పనికివచ్చే మరో మార్గాన్ని కూడా అడిగించాను.

విషయం: రిలీవింగ్ లెటర్ – మూడవ అభ్యర్థన, ఉద్యోగి సంఖ్య 1863

గౌరవనీయులైన హెచ్.ఆర్. మేనేజర్ గారికి,

రిలీవింగ్ లెటర్ కోసం నేను ఆగస్టు 4న, ఆగస్టు 18న పంపిన మెయిళ్లకు ఇంతవరకు సమాధానం అందలేదు. ఆ రెండింటినీ ఈ సందేశం కింద ఉంచాను. పత్రం సమర్పించడానికి కొత్త సంస్థ నాకు ఇచ్చిన గడువు సెప్టెంబరు 5తో ముగుస్తుంది. జారీకి అడ్డంకి ఏదైనా ఉంటే అది ఏమిటో తెలియజేయండి, నేను సరిచేసుకుంటాను. ఆలస్యం తప్పదనుకుంటే, నేను జూలై 31న విధుల నుంచి వైదొలిగానని, పత్రం సిద్ధమవుతున్నదని ధ్రువీకరిస్తూ సంస్థ మెయిల్ నుంచి ఒక సమాధానం పంపవలసిందిగా కోరుతున్నాను. దానిని కొత్త సంస్థకు చూపించి గడువు పొడిగించమని అడుగుతాను.

భవదీయుడు,
మాజీ నెట్‌వర్క్ టెక్నీషియన్, ఉద్యోగి సంఖ్య 1863

మూడవది చిన్నది: “లెటర్‌లో డేట్ తప్పు పడింది, మార్చి ఇవ్వండి.” ఏ తేదీ, ఏది సరైనది, దానికి ఆధారమేమిటి అన్నవి చేరిస్తే చాలు.

విషయం: అనుభవ ధ్రువపత్రంలో చేరిన తేదీ సవరణ – ఉద్యోగి సంఖ్య 2310

గౌరవనీయులైన హెచ్.ఆర్. మేనేజర్ గారికి,

అనుభవ ధ్రువపత్రం పంపినందుకు కృతజ్ఞతలు. అందులో నేను చేరిన తేదీ 2022 జూన్ 6కు బదులుగా 2023 జూన్ 6 అని నమోదైంది. దీనివల్ల నా అనుభవం ఒక సంవత్సరం తక్కువగా కనిపిస్తున్నది. నియామక పత్రాన్నీ, 2022 జూన్ నెల జీతం స్లిప్పునూ జతపరిచాను. పరిశీలించి, సవరించిన పత్రాన్ని జారీ చేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మాజీ స్టోర్స్ అసిస్టెంట్, ఉద్యోగి సంఖ్య 2310