గోరింటాకు వేడుక ఆహ్వాన పత్రిక: నలుపు గీతల అంచు చిత్రానికి ప్రాంప్ట్

పెళ్లికి ముందురోజు రాజమహేంద్రవరంలో పెళ్లికూతురి ఇంట జరిగే గోరింటాకు వేడుకకు పంపే ఆహ్వాన పత్రిక కోసం, మీగడ రంగు కాగితం మీద నల్లని సన్నగీతలతో, నాలుగు వైపులా సమరూపంగా సాగే అంచు చిత్రాన్ని గీయాలి. పత్రిక నిలువుగా ఉంటుంది. దాని వెడల్పు 5 అంగుళాలు, ఎత్తు 7 అంగుళాలు. అంచు, కోత గీత నుంచి 6 మిల్లీమీటర్లు లోపల మొదలై 16 మిల్లీమీటర్ల మందాన సాగాలి. అంచుకు లోపలి భాగమంతా పూర్తిగా ఖాళీగా ఉండాలి, ఎందుకంటే అక్కడ తెలుగు అక్షరాలను ముద్రణాలయంలో విడిగా కూర్చుతారు.

శైలి విషయంలో స్పష్టత అవసరం. అరబిక్ మెహందీలో తీగ ఏటవాలుగా ఒక పక్కకు సాగి మధ్య మధ్య పెద్ద ఖాళీలు వదులుతుంది కాబట్టి అది ఈ పత్రికకు కుదరదు. చిన్న చిన్న నమూనాలను ఒకదాని పక్కన ఒకటి సన్నగా పేర్చి, రెండు చేతులలోనూ ఒకే బొమ్మ కనిపించేలా వేసే రాజస్థానీ పద్ధతిని అనుసరించాలి. అయితే చేతి బొమ్మ గాని, వేళ్లు గాని, గోరింటాకు పండిన ఎరుపు గాని ఎక్కడా కనిపించకూడదు. గీతల తీరు మాత్రమే చేతి మీది నుంచి కాగితం మీదికి రావాలి.

నాలుగు మూలలలోనూ ఒక్కొక్క జంట మామిడి పిందెలు ఉండాలి. ఆ రెండు పిందెల వంపు కొనలు మూలకు ఎదురెదురుగా వంగి, వాటి మధ్య నుంచి ఒక చిన్న మొగ్గ పత్రిక మధ్యభాగం వైపు తొంగిచూడాలి. ప్రతి పిందెకూ జంటగీతతో అంచు కట్టి, ఆ రెండు గీతల నడుమ ఒకే పరిమాణంలో ఉన్న చుక్కల వరుస నడిపించాలి. పిందె కడుపులో పై సగం వలలా అల్లిన జాలీతోనూ, కింది సగం ఒక చుట్టతోనూ నిండాలి. జాలీ గళ్లు సమానంగా ఉండి, ప్రతి గడి మధ్యలో ఒక చుక్క మాత్రమే పడాలి. ఈ మూలలే చిత్రానికి ప్రాణం కనుక ఓపికంతా ఇక్కడే చూపాలి.

పై అంచుకూ కింది అంచుకూ మధ్యలో 22 మిల్లీమీటర్ల వెడల్పున అర్ధపద్మం రావాలి. ఏడు రేకులు, ఒక్కొక్క రేకులో మొదలు నుంచి బయలుదేరి కొన దాకా చేరకుండా ఆగిపోయే మూడు సన్నని గీతలు ఉండాలి. రెండు పద్మాలూ పత్రిక లోపలి వైపుకే విచ్చుకోవాలి. కుడి ఎడమ అంచుల మధ్యలో మాత్రం మన ఇళ్లలో ఆషాఢ మాసంలో అరచేతిలో పెట్టుకునే చందమామను, దాని చుట్టూ చుక్కలతో సహా ఉంచాలి. సన్నగీతల శైలి ఎక్కడిదైనా, తెలుగింటి పత్రికలో ఈ చందమామ లేకపోతే వెలితిగా ఉంటుందని నా అభిప్రాయం. నిండుగా నలుపు పూస్తే తక్కిన గీతలను అది మింగేస్తుంది కాబట్టి, దానిని ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలతోనే చూపాలి.

మూల నుంచి పద్మం వరకు రెండు వంపులతోనూ, మూల నుంచి చందమామ వరకు ఐదు వంపులతోనూ ఆకుల తీగ సాగాలి. ఆకులు వంపు వెలుపలి వైపు జంటలుగా, లోపలి వైపు ఒంటిగా ఉండాలి. నిలువు మధ్యరేఖకూ అడ్డ మధ్యరేఖకూ రెండింటికీ చిత్రం అద్దంలో చూసినట్టు సరిపోలాలి. అందుకు పత్రికలో నాలుగో వంతును మాత్రమే గీసి, దానినే అద్దంలో ప్రతిబింబంలా తిప్పి మిగతా మూడు భాగాలను నింపాలి. మధ్యరేఖల దగ్గర ఏ గీతా తెగినట్టు గాని, రెండుసార్లు పడినట్టు గాని ఉండకూడదు.

ప్రధాన గీతలు 0.5 మిల్లీమీటర్లు, లోపలి గీతలు 0.25 మిల్లీమీటర్ల మందం ఉండాలి. గోరింటాకు కోను నుంచి జారినట్టు గీత మొదట్లో కాస్త నిండుగా, చివర సన్నగా తేలిపోవడం ఆకుల కొనలకూ చుట్టలకూ మాత్రమే వర్తిస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా కొద్దిగా పరుచుకుంటుంది కనుక ఏ రెండు గీతల మధ్యనైనా 0.4 మిల్లీమీటర్ల ఎడం తప్పనిసరి.

గీతల రంగు `#111111`, నేపథ్యం `#FBF3E0`. నేపథ్యంలో కాగితపు ముడతలు, మరకలు, నీడలు, రంగు మార్పులు వద్దు, ఎందుకంటే ముద్రణకు ముందు ఆ రంగును తీసేసి నిజమైన మీగడ రంగు కాగితం మీదనే నల్ల సిరా వేస్తారు. బూడిద రంగు, బంగారు పూత, నెమళ్లు, ఏనుగులు, అక్షరాలు ఉండకూడదు. వినాయకుడి బొమ్మను పత్రిక పై భాగంలో విడిగా ముద్రిస్తారు కాబట్టి అంచులో దేవతామూర్తులను గీయవద్దు. చిత్రాన్ని ఎదురుగా, ఏటవాలు లేకుండా, 3000 × 4200 పిక్సెళ్ల పరిమాణంలో, అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో ఇవ్వాలి.