పులుసు కోసం మళ్లీ వెళతాను, వేపుడు మాత్రం అడగను

కూకట్‌పల్లిలో కొత్తగా తెరిచిన నెల్లూరు భోజన హోటల్ ఇది. పేరు మొదటి ఫోటోలో బోర్డు మీద ఉంది. ఆదివారం మధ్యాహ్నం మా అత్తయ్యతో కలిసి వెళ్లాను. వీడియోలు తీస్తానని చెప్పలేదు, బిల్లు నా జేబులోంచే కట్టాను.

ముందు పులుసు సంగతి. కొరమేను, రెండు ముక్కలు, 380 రూపాయలు. గిన్నె అంచు చుట్టూ ఎర్రటి నూనె తేలుతూ వచ్చింది. ముక్కకు లోపలిదాకా ఉప్పూ పులుపూ పట్టాయి, అయినా వేలితో తీస్తే పొరలుగా విడివడిందే తప్ప చితకలేదు. చింతపండు పులుపు ముందు తగులుతుంది, మామిడికాయ రుచి ఆ వెనక వస్తుంది, చివర్లో మెంతుల చిరుచేదు. టెంక ఉన్న మామిడి ముక్క మీ వంతుకు వస్తే పక్కవాళ్లకు ఇవ్వకండి.

అత్తయ్య నెల్లూరులో పుట్టి పెరిగిన మనిషి. రెండు ముద్దలు తిని, వడ్డించే అబ్బాయిని పిలిచి, "ఇది నిన్న రాత్రి వండిందా బాబూ?" అని అడిగారు. పాపం, అతని ముఖం వాడిపోయింది. "ఈరోజుదే అమ్మా" అన్నాడు. కాసేపాగి, "రాత్రి పొద్దుపోయాక వండారమ్మా" అని ఒప్పుకున్నాడు. "మరి అదే కదా, నిలవుంటేనే పులుసుకు ఈ రుచి" అని ఆవిడ నవ్వితే గానీ తేరుకోలేదు. ఇంకో గరిటె పులుసు తెచ్చి వేశాడు.

రొయ్యల వేపుడు దండగ. 340 రూపాయలకు తొమ్మిది రొయ్యలు, లెక్కపెట్టాను. ఎక్కువసేపు వేయించారేమో, రబ్బరులా సాగాయి. పైన కార్న్‌ఫ్లోర్ పూత, చుట్టూ ఉల్లిపాయలు. భోజనం ఒక్కరికి 190, అడిగినంత అన్నం. రసం బాగుంది, గోంగూర ఫరవాలేదు, పెరుగు పులిసిపోయింది.

సర్వీసు నెమ్మది. ముందువాళ్ల ఎంగిలి విస్తళ్లు తీయడానికే పది నిమిషాలు, మొదటి ముద్ద నోట్లోకి వెళ్లడానికి ఇంకో పావుగంట. ఆ అబ్బాయి ఒక్కడే ఆరు బల్లలు చూస్తున్నాడు. తప్పు అతనిది కాదు, ఆదివారం ఇంకో మనిషిని పెట్టని యాజమాన్యానిది.

మొత్తం 1,100, దాని మీద ఐదు శాతం జీఎస్టీ 55. ఇంతవరకు సరే. కింద మరో 55 సర్వీసు చార్జి వేశారు. మనల్ని అడగకుండా బిల్లులో దాన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది. అడిగితే మాట్లాడకుండా తీసేశారు, 1,155 కట్టాను. అడగనివాళ్ల దగ్గర మాత్రం తీసుకుంటున్నట్టే కదా. ఆ 55 ఆ అబ్బాయి చేతికే ఇచ్చి వచ్చాను.

రద్దీ తగ్గాక వెళదామనుకుంటారేమో. మేం లేచేసరికి మూడయింది, సగం బల్లలు ఖాళీ. అప్పుడే లోపలికి వచ్చినవాళ్లతో కౌంటరు దగ్గర చెబుతున్నారు, పులుసు అయిపోయిందని.

#నెల్లూరుచేపలపులుసు #కూకట్‌పల్లి #సొంతడబ్బులతో