ఫ్లూ జ్వరాలపై హాస్టల్ విద్యార్థులకు నోటీసు

బాలుర హాస్టల్, బ్రాడీపేట, గుంటూరు
12 ఆగస్టు 2025, మంగళవారం

ఆదివారం నుంచి ఈ ఉదయం వరకు మన హాస్టల్‌లో 14 మంది జ్వరంతో పడుకున్నారు. అందులో 11 మంది రెండో అంతస్తు డార్మిటరీలో ఉండేవారే. నిన్న వచ్చి చూసిన డాక్టరు గారు ఇది ఫ్లూ అని చెప్పారు. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు, గొంతు మంట, లేవలేనంత నీరసం దీని లక్షణాలు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. జ్వరం దాచకండి. నిన్న రాత్రి డార్మిటరీలో తిరుగుతుంటే ఒకబ్బాయి తల మీది దాకా దుప్పటి లాక్కుని వణుకుతున్నాడు. దిండు పక్కన ఖాళీ అయిన పారాసిటమాల్ స్ట్రిప్పు. అడిగితే ‘ఏం లేదు సార్, చలి’ అన్నాడు. ఆగస్టు నెలలో, గుంటూరులో, చలి!

దాచడానికి కారణం నాకు తెలుసు: హాజరు, మిడ్ పరీక్షలు. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. నా సంతకంతో చీటీ ఉంటే ఆ రోజులకు హాజరు తగ్గించరు. తప్పిపోయిన మిడ్ పరీక్ష మళ్లీ పెడతారు. ఇక భయపడాల్సిన పని లేదు. ఒంట్లో నలతగా అనిపించిన వెంటనే ఆఫీసు గదికి రండి, థర్మామీటరు అక్కడే ఉంది. 100 డిగ్రీలు దాటితే డార్మిటరీలో ఉండకూడదు.

జ్వరం వచ్చినవారికి కింది అంతస్తు స్టడీ హాలులో మంచాలు వేయించాం. భోజనం, కాచిన నీళ్లు, రాగి జావ అక్కడికే వస్తాయి. మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడిస్తేనే తిరిగి పైకి పంపుతాను. మాత్ర వేసుకుని జ్వరం దించుకుని ‘తగ్గిపోయింది సార్’ అంటే కుదరదు. పైకి వెళ్లాక కూడా కొన్ని రోజులు మాస్కు తీయవద్దు. లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచి, బయటపడ్డాక ఐదారు రోజుల వరకు ఇది ఇతరులకు అంటుకుంటుంది. అందుకే బాగున్నవారు కూడా జాగ్రత్తగా ఉండాలి.

డార్మిటరీలో ఈ రోజు నుంచి ఒకరి తల ఉన్న వైపు పక్క మంచంలో వారి కాళ్లు ఉండేలా పడుకోండి. దోమలొస్తాయని కిటికీలన్నీ బిగిస్తున్నారు. దోమతెరలు కట్టుకోండి, కిటికీలు మాత్రం తెరిచే ఉండాలి. వాటర్ కూలర్ దగ్గర గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు తీయించేశాను. ఎవరి సీసా వారిదే, ఎవరి తువ్వాలు వారిదే. టీవీ గది, క్యారమ్స్ బోర్డు వారం పాటు మూసివేస్తున్నాం. మెస్‌లోకి వెళ్లే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. దగ్గు, తుమ్ము వస్తే మోచేతి మడత అడ్డం పెట్టుకోండి. ఘాటుగా మిరపకాయ బజ్జీలు తింటే జలుబు వదిలిపోతుందని కొందరు సాయంత్రం బండి దగ్గరకు పోతున్నారు. ముక్కు కారుతుంది, అంతే. వైరస్ ఎక్కడికీ పోదు.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవద్దు. అది బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, ఫ్లూ వైరస్‌తో వచ్చేది. వానాకాలం కాబట్టి ప్రతి జ్వరమూ ఫ్లూనే అనుకోలేం, డెంగీ కూడా కావచ్చు. డెంగీలో ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావం తెచ్చే ప్రమాదం ఉంది. అందుకని డాక్టరు గారు చూసేదాకా పారాసిటమాల్ తప్ప వేరే మాత్ర వేసుకోవద్దు, అది కూడా నన్ను అడిగే. ఆయన రోజూ సాయంత్రం 5 గంటలకు వస్తారు. ఫ్లూకు వైరస్ మందు అవసరమైతే రెండు రోజుల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. ఆస్తమా, మధుమేహం ఉన్నవారు జ్వరం లేకపోయినా ఈ రోజే నాకు చెప్పండి.

ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గిపోవడం, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువగా రావడం, వీటిలో ఏది కనిపించినా రాత్రి రెండయినా సరే నా తలుపు తట్టండి. నేను లేకపోతే వాచ్‌మన్ 108కి ఫోను చేసి జీజీహెచ్‌కు తీసుకెళ్తాడు. మీ పక్క మంచంలోని వారి విషయంలోనూ ఇదే చేయండి. అది చాడీ చెప్పడం కాదు.

శుక్రవారం జెండా పండుగ, తర్వాత శని, ఆదివారాలు కలిసి వచ్చాయని చాలామంది అవుట్‌పాస్ అడిగారు. జ్వరం ఉన్నవారికి ఇవ్వను. కిక్కిరిసిన బస్సులో ఊరికి వెళ్లి నాయనమ్మకు, తాతయ్యకు అంటించి రావడం వద్దు. తల్లిదండ్రులు సొంత బండిలో వచ్చి తీసుకెళ్తామంటే అభ్యంతరం లేదు, వారికి నేనే ఫోను చేస్తాను. బాగున్నవారు వెళ్లవచ్చు. గురువారం సాయంత్రం జ్వరం చూశాకే గేటు దాటాలి.

వార్డెన్