సరఫరాదారుల బిల్లుల ఆమోద విధానం: చిత్తూరు మామిడి గుజ్జు యూనిట్

సరఫరాదారు ఇచ్చే ప్రతి బిల్లునూ అకౌంట్స్ విభాగం కొనుగోలు ఆర్డరుతోనూ, స్టోర్స్ ఇచ్చిన సరుకు రసీదుతోనూ సరిచూసిన తరువాతే ఆమోదానికి పంపాలి. తోతాపురి కాయల బిల్లుకైతే వేబ్రిడ్జి చీటీ కూడా జతచేయాలి. రూ.25,000 వరకు విభాగాధిపతి, రూ.2,00,000 వరకు యూనిట్ మేనేజరు, ఆపై మొత్తాలకు మేనేజరుతో పాటు డైరెక్టరు సంతకం చేయాలి. పరిమితి తప్పించుకోవడానికి బిల్లులను విడగొట్టరాదు. ఒకే లారీ లోడుకు రూ.24,800 చొప్పున రెండు బిల్లులు వస్తే వాటిని రూ.49,600 బిల్లుగానే పరిగణిస్తాం.

ఆర్డరు పెట్టినవారు సరుకు దించుకోరాదు, దించుకున్నవారు బిల్లు ఆమోదించరాదు, ఆమోదించినవారు చెల్లింపు విడుదల చేయరాదు. సరఫరాదారు బ్యాంకు ఖాతా మార్పును, ముందునుంచి మన రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే, చెల్లింపులతో సంబంధం లేని ఉద్యోగి నమోదు చేయాలి.

మేనేజరు సెలవులో ఉంటే ఆమోదాధికారం పైవారికి వెళుతుందే తప్ప కిందివారికి రాదు. పాస్‌వర్డు చెప్పి వెళ్లడాన్ని, సీజను రద్దీ ఎంతున్నా, ప్రత్యామ్నాయ ఏర్పాటుగా ఒప్పుకోము. ఈ విధానం జూన్ 1 నుంచి అమలులోకి వస్తుంది.