డ్రిప్ సర్వీసు టెక్నీషియన్ కావాలి: అనంతపురం, ఒక్క పోస్టు

కావాల్సింది ఒక్కరే. మార్చి 1న పనిలో చేరాలి. జీతం మొదటి మూడు నెలలు 16,000, ఆ తర్వాత 19,000. సొంత బండి ఉండాలి, కిలోమీటరుకు 3 రూపాయల 50 పైసల చొప్పున పెట్రోలు ఇస్తాం. చదువు పదో తరగతి చాలు. ఐటీఐలో ఫిట్టర్ గానీ ప్లంబర్ గానీ చేసుంటే మంచిదే, చేయకపోయినా ఫర్వాలేదు. టూవీలర్ లైసెన్సు మాత్రం తప్పనిసరి.

మేం కొత్త డ్రిప్ అమ్మం, సబ్సిడీ ఫైళ్ళు చూడం. ఎవరో బిగించిన డ్రిప్పు రెండు మూడేళ్ళకు సరిగా పారకపోతే రైతు మాకు ఫోన్ చేస్తాడు, మేం పోయి బాగుచేస్తాం. గార్లదిన్నె, నార్పల, పుట్లూరు, శింగనమల, బుక్కరాయసముద్రం వైపు ఎక్కువగా తిరుగుతాం. చీనీ, దానిమ్మ, అరటి తోటలే ఎక్కువ, కొంచెం టమోటా కూడా. మొత్తం ఏడుగురం: ఓనరు, ముగ్గురు టెక్నీషియన్లు, ఒక హెల్పరు, స్టోరు చూసుకునే ఆయన, ఫోన్లు బిల్లులు చూసుకునే అక్క. ఆ ముగ్గురు టెక్నీషియన్లలో ఒకరు ఫిబ్రవరి ఆఖరుకు మానేస్తున్నారు, ఆ చోటికే ఈ ప్రకటన.

పని ఎట్లుంటుందో ముందే చెప్తాం, వచ్చాక చెప్పలేదని అనుకోవద్దు.

రైతు ఫోన్లో చెప్పేది ఒకటే మాట: "నీళ్ళు రావడం లేదన్నా." ఆ మాటకు తోటలో పది అర్థాలుంటాయి. చేను మొత్తానికీ నీళ్ళు తగ్గాయా, ఒక సబ్‌మెయిన్ కింద మాత్రమేనా, ఒకే లైనులోనా, అక్కడొకటి ఇక్కడొకటి చెట్లకు అందడం లేదా, ఇది తేల్చడమే సగం పని. చేనంతా తగ్గితే బోరు, ఫిల్టరు, మెయిన్ లైను చూడాలి. ఒక సబ్‌మెయిన్‌కే అయితే దాని గేటు వాల్వు గానీ మట్టిలో పగిలిన పైపు గానీ. ఒక్క లైనయితే ఉడుతో ఎలుకో కొరికి ఉంటుంది, లేదా పైపు మడత పడి ఉంటుంది. చెల్లాచెదురుగా తగ్గితే డ్రిప్పర్లు పూడిపోయాయని అర్థం. తెల్లగా గట్టిగా పేరుకుంటే సున్నం, జిగటగా ఉంటే నాచు, వేళ్ళ మధ్య గరగరలాడితే ఇసుక. మూడింటికీ మందు వేరు. సున్నానికి యాసిడ్, నాచుకు బ్లీచింగ్. ఇసుకకు మాత్రం మందు లేదు, బోరు దగ్గర సాండ్ సెపరేటర్ పెట్టుకోవాల్సిందే. ఈ తేడా చూడకుండా పైపులన్నీ మార్చేసి బిల్లు వేసే మనిషి మాకు వద్దు.

అందుకే సామాను మీద కమీషన్ పెట్టలేదు. కమీషన్ ఉంటే మంచి డ్రిప్పర్ కూడా చెడ్డదై కనిపిస్తుంది. విజిట్‌కు 350 రూపాయలు, సామాను ధర వేరు. పదిహేను రోజుల్లో అదే కంప్లైంటు మళ్ళీ వస్తే రెండో విజిట్ ఉచితం. జీతంలో కోత ఉండదు గానీ, ముందు పోయిన మనిషే మళ్ళీ పోవాలి.

ఫిల్టరు గురించి ఒక మాట, ఎందుకంటే పరీక్షలో అడిగేది ఇదే. స్క్రీన్ ఫిల్టరుకు ముందొక గేజీ, వెనకొక గేజీ ఉంటాయి. రెండింటికీ తేడా అర కేజీ దాటితే జాలీ కడగాలని చాలామందికి తెలుసు. తేడా సున్నా ఉంటే? ఫిల్టరు శుభ్రంగా ఉందని సంతోషపడి వచ్చేస్తారు. నీళ్ళు పారుతున్న ఫిల్టరులో ఎంతో కొంత తేడా కనిపించాలి. అసలు ఏమీ కనిపించకపోతే జాలీ చిరిగుండొచ్చు, లేదా లోపలి రబ్బరు గాస్కెట్ మెలిపడి నీళ్ళు జాలీలోంచి కాకుండా పక్కనుంచి పోతుండొచ్చు. గేజీయే పనిచేయకపోనూ వచ్చు, రెండు గేజీలూ అటుదిటు మార్చి బిగించి చూస్తే తెలిసిపోతుంది. మూత విప్పి గాస్కెట్ అంచు చుట్టూ వేలితో తడమండి. ఒకచోట పలచగా, ఇంకోచోట ఉబ్బుగా తగిలితే దొంగ దొరికినట్టే. ఇరవై ముప్పై రూపాయల రబ్బరు, అది చూసుకోక ఎకరం డ్రిప్పర్లు పూడిపోతాయి.

వెంచురి ఎరువు పీల్చడం లేదనే ఫోన్లు వారానికి నాలుగైనా వస్తాయి. సగం వాటిలో వెంచురిలో లోపం ఉండదు. మధ్య వాల్వు పూర్తిగా తెరిచి ఉంటే నీళ్ళు నేరుగా పోతాయి, వెంచురిలో తేడా పుట్టదు, పీల్చదు. కొన్నిసార్లు బాణం గుర్తు తిరగబడి ఉంటుంది, కొన్నిసార్లు పీల్చే గొట్టానికి ఎండకు చీలిక పడి గాలి లాగుతుంది. ఈ మూడూ చూశాకే కొత్తది తెమ్మని స్టోరుకు ఫోన్ చేయాలి. స్టోరాయన మొదట అడిగేదీ అదే.

యాసిడ్ పని ఉంటుంది, భయముంటే ఇప్పుడే ఆలోచించుకోండి. అదే బోరు నీళ్ళు ఒక బకెట్ పట్టి, యాసిడ్ కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ పేపరు 4 చూపించేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకుంటాం. దాన్నిబట్టి తోటకు లెక్క. చివరి లైను చివరి డ్రిప్పరు దగ్గర పీహెచ్ చూసి, మోటారు ఆపి, ఒక రోజు అట్లే వదిలేసి, మరుసటి రోజు ఎండ్ క్యాపులు విప్పి కడిగేస్తాం. అంటే ఒకే తోటకు రెండు రోజులు పోవాలి. ఎప్పుడూ నీళ్ళలోకి యాసిడ్ పోయాలే గానీ యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు. యాసిడ్ పెట్టిన లైనులో బాగా కడగకముందే బ్లీచింగ్ పెట్టకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు మేమే ఇస్తాం. అవి లేకుండా యాసిడ్ డబ్బా మూత తీస్తే ఆ రోజుకు ఇంటికి పంపేస్తాం, ఎంత సీనియరైనా ఇంతే.

స్టార్టరు పెట్టె మన పని కాదు. మోటారు ఆన్ చేసేది, ఆపేది రైతే. కాలిన వాసన వచ్చినా, ఫ్యూజు పోయినా, ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకోమని చెప్పి రావాలి. "నువ్వే చూడన్నా, ఒక్క నిమిషం" అని బతిమాలతారు. చూడకూడదు. గేటు వాల్వు గుంతలో చెయ్యి పెట్టేముందు కట్టెతో కదిలించాలి, చల్లగా ఉంటుందని తేళ్ళు, పాములు అక్కడే చేరతాయి.

ఇక కష్టాలు. మార్చి నుంచి మే దాకా ఊపిరాడదు. రోజుకు నాలుగైదు తోటలు, వంద కిలోమీటర్లు దాటిన రోజులు కూడా. ఎండ నలభై దాటుతుంది. త్రీ ఫేజ్ కరెంటు ఉన్నప్పుడే లైను పరీక్షించగలం కాబట్టి, కరెంటు వచ్చే టైమును బట్టే మన టైము. మిట్టమధ్యాహ్నం వస్తే మిట్టమధ్యాహ్నమే. ఆ మూడు నెలలు ఆదివారాల్లో సగం పనిచేయాలి, ఆ రోజుకు ఒకటిన్నర రోజు కూలి. వానలు పడ్డాక పని తగ్గుతుంది, అప్పుడు నెలకు ఐదారు రోజులు తీరిగ్గా సెలవు తీసుకోవచ్చు, జీతం కోయం.

జీతం మామూలుగా 5వ తేదీకి పడుతుంది. రైతుల దగ్గర డబ్బు ఆగిన నెలల్లో 10 దాకా జరగొచ్చు, అంతకు మించదు. ఇరవై మంది లేరు కాబట్టి పీఎఫ్ లేదు, పదిమంది లేరు కాబట్టి ఈఎస్ఐ లేదు. బదులుగా 5 లక్షల ప్రమాద బీమా కంపెనీ ఖర్చుతో ఉంది. బాకీలు వసూలు చేయడం టెక్నీషియన్ పని కాదు. రైతు తనంతట తాను నగదు ఇస్తే మాత్రం అక్కడే బిల్లు బుక్కులో రాసి, ఆయన సంతకం తీసుకోవాలి.

ఆఫీసు వాతావరణం గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొద్దున ఏడుంబావుకు స్టోరు దగ్గర టీ, పావుగంటలో ఎవరు ఎటు పోవాలో గోడ మీది బోర్డు మీద రాసుకుంటాం. ఓనరు కోపిష్టి కాదు గానీ బిల్లు బుక్కులో తేడా వస్తే గొంతు పెరుగుతుంది. తెలియదని చెప్తే ఎవరూ నవ్వరు, తోటలోంచి ఫోటో పెడితే ఇద్దరు టెక్నీషియన్లలో ఒకరు చేతిలో పని ఆపి ఫోన్ చేస్తారు. తెలియకుండా తెలిసినట్టు చేసి పైపు పగలగొడితే మాత్రం గట్టిగానే అంటారు. స్టోరాయన గ్రోమెట్ ఒక్కటి కూడా రాయకుండా ఇవ్వడు. మొదట్లో చిరాకేస్తుంది. గత రెండేళ్ళలో ఈ చోటు నుంచి ఇద్దరు వెళ్ళిపోయారు: ఒకరు ఎండ పడక, ఇంకొకరు బెంగళూరులో ఎక్కువ జీతం వచ్చి. ఇక్కడ పై పోస్టులు లేవు. బాగా చేస్తే ఏడాదికి 1,500 పెరుగుతుంది, అంతే. ఇక్కడ పని నేర్చుకుని రెండేళ్ళకు సొంతంగా పెట్టుకుంటామన్నా మాకు అభ్యంతరం లేదు, రెండు నెలల ముందు చెప్తే చాలు.

ఆడవాళ్ళు కూడా రావచ్చు. తోటల్లో బాత్‌రూములుండవు, అది మా చేతిలో లేదు. పోయే ప్రతి చోటికీ హెల్పరును తోడు పంపిస్తాం.

రావాల్సింది ఫిబ్రవరి 20లోపు, ఆదివారం కాని ఏ రోజైనా, పొద్దున 8 నుంచి 9 మధ్య, కళ్యాణదుర్గం రోడ్డులోని మా స్టోరుకు. ఫోన్ చేసి రావాల్సిన పని లేదు. లైసెన్సు, ఆధార్ తెచ్చుకోండి, బయోడేటా అక్కర్లేదు. ఆ రోజే యార్డులో పరీక్ష, మధ్యాహ్నం రెండుకల్లా అయిపోతుంది. 63 ఎం.ఎం. పైపు కోసి, అంచు గీరి, సొల్యూషన్ పూసి అతికించాలి. అతికించాక ఎంతసేపు నీళ్ళు వదలకూడదో, రైతు తొందరపెడితే ఏం చెప్తారో అడుగుతాం. సబ్‌మెయిన్‌కు బెజ్జం వేసి గ్రోమెట్, టేకాఫ్ బిగించి కారకుండా చూపించాలి. తర్వాత గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు ఐదింటి కింద గిన్నెలు పెట్టి మూడు నిమిషాలు నీళ్ళు పట్టాలి. ఒక్కొక్కదానిలో 200 మిల్లీలీటర్లు పడాలి. కావాలనే వాటిలో రెండింటిని చెడగొట్టి ఉంచుతాం, ఒకటి సున్నంతో, ఒకటి ఇంకోలా. ఆ ఇంకోటి ఏంటో చెప్పగలిగితే ఫిట్టింగులో చిన్న తప్పులున్నా ఫర్వాలేదు, ఫిట్టింగు నెలలో నేర్పించగలం.

అన్నం మేమే పెడతాం. ఎంపికైనా కాకపోయినా ఆ రోజుకు 500 ఇస్తాం, ఫలితం ఆ సాయంత్రమే చెప్తాం. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకోండి, యార్డు చివర ముళ్ళకంప ఇంకా తీయించలేదు.